ముగ్గురు పిల్లలకు ఇంటి వాటాల ఉత్తరం: వీలునామా పక్కన తండ్రి ఏం రాయాలి, ఏం రాయకూడదు

వీలునామా చదివితే ఎవరికి ఏమొచ్చిందో తెలుస్తుంది. ఎందుకొచ్చిందో తెలియదు. "పై అంతస్తు నా చిన్న కుమారునికి" అన్న ఒక్క పంక్తి చూసి పెద్దవాడు "నాన్నని వాడు బుట్టలో వేసుకున్నాడు" అనుకుంటాడు. అప్పటికి సమాధానం చెప్పడానికి మీరుండరు. అందుకే వీలునామాతో పాటు పిల్లలకు ఒక ఉత్తరం రాసి పెట్టడం మంచిది. అయితే దాన్ని తోచినట్టు రాస్తే వీలునామాకే ఎసరు వస్తుంది.

ఇక్కడ చెప్పేది హిందూ కుటుంబాలకు, అదీ తండ్రి పేరున ఉన్న ఒకే ఇంటికి. ముస్లిం కుటుంబాల్లో వీలునామా నియమాలు వేరు, ఈ పద్ధతి అక్కడ యథాతథంగా పనికిరాదు.

ముందు వీలునామా, తర్వాతే ఉత్తరం

భారత వారసత్వ చట్టం, 1925లోని 63వ సెక్షన్ వీలునామాకు పెద్ద హంగులేమీ అడగదు. కాగితం మీద రాత ఉండాలి. రాసినాయన సంతకం ఉండాలి. ఆయన సంతకం పెట్టడం చూసినవాళ్లో, "ఇది నా సంతకమే" అని ఆయన నోట విన్నవాళ్లో ఇద్దరు ఆయన ఎదుట సాక్షి సంతకాలు చేయాలి. స్టాంపు కాగితం అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ మంచిదే కానీ తప్పనిసరి కాదు.

ఇంత తేలికైన నియమం కాబట్టే ఉత్తరంతో చిక్కు వస్తుంది. మీరు పిల్లలకు ఉత్తరం రాసి, "కింది ఇల్లు అమ్మాయికి ఇస్తున్నాను" అని అందులో పెట్టి, బలం కోసమని పక్కింటాయన చేత, ఎదురింటాయన చేత సాక్షి సంతకాలు చేయించారనుకోండి. చట్టం దృష్టిలో అది ఉత్తరం కాదు, ఇంకో వీలునామా. పైగా తర్వాతి తేదీది. రెండింటికీ పొంతన కుదరని చోట తర్వాతిదే నిలబడుతుంది. రిజిస్టరు చేయించిన వీలునామా అయినా సరే, రిజిస్టరు కాని తర్వాతి కాగితం దాన్ని కొట్టేయగలదు.

కాబట్టి ఉత్తరానికి సాక్షులు వద్దు. "ఇస్తున్నాను", "చెందాలి", "అనుభవించవలెను" లాంటి మాటలు వద్దు. "ఫలానా తేదీ వీలునామాలో ఇలా రాశాను, కారణం ఇది" అని జరిగిపోయిన పనిగా చెప్పండి. వీలునామాలో కూడా "వివరాలు జతచేసిన ఉత్తరంలో ఉన్నవి" అని రాయించకండి. వీలునామా అప్పటికే రాసి ఉన్న మరో కాగితాన్ని పేర్కొని, అది కూడా నా ఉద్దేశంలో భాగమే అంటే, ఆ కాగితం వీలునామాలో కలిసిపోతుందని అదే చట్టంలోని 64వ సెక్షన్ చెబుతుంది. అప్పుడు మీరు ప్రేమతో రాసిన ప్రతి మాటకూ వకీళ్లు అర్థాలు తీస్తారు.

మరి సాక్షులు లేని ఉత్తరం కోర్టులో దేనికి పనికొస్తుంది? వీలునామా మీద అనుమానాలుంటే వాటిని తీర్చాల్సిన బాధ్యత దాన్ని చూపించేవాళ్లదే అని సుప్రీంకోర్టు 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో చెప్పింది. కన్నబిడ్డల్లో ఒకరికి బాగా తగ్గడం, లాభపడినవాడే దగ్గరుండి రాయించడం అలాంటి అనుమానాలే. వాటాల లెక్క మీ సొంత చేతిరాతలో, వీలునామా రోజుల నాటి తేదీతో ఉంటే, ఆ పంపకం మీ బుర్రలోంచే వచ్చిందని అది చెబుతుంది. అందుకే టైపు చేయించకండి, చేత్తో రాయండి.

ఇల్లు మొత్తం మీదేనా

ఈ మెట్టు దాటేసి రాసిన ఉత్తరాలు చాలా వరకూ వృథా. స్థలం మీరు కొన్నదైతే, కొనుగోలు దస్తావేజు మీ పేరున ఉంటే, స్వార్జితం. ఎవరికైనా, ఎంతైనా రాయవచ్చు. అది తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే మీరు రాయగలిగేది మీ వాటా మాత్రమే. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో కూతురికి కూడా పుట్టుకతోనే హక్కు వచ్చింది. తండ్రి 2005 నాటికి బతికి ఉండాలన్న షరతు లేదని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో తేల్చింది. అంటే ముగ్గురు పిల్లలున్న తండ్రికి అలాంటి ఇంట్లో నాలుగో వంతే వస్తుంది. మిగతా మూడు వంతుల గురించి ఉత్తరంలో "పంచాను" అని రాసినా చెల్లదు.

దస్తావేజు తీసి నంబరు, సంవత్సరం, గజాలు ఒక కాగితం మీద రాసుకోండి. ఈసీ, అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ కూడా ఒకసారి తీయించి, ఇంటి మీద బ్యాంకు తాకట్టు ఇంకా కనిపిస్తోందేమో చూడండి. అప్పు తీరిపోయినా తాకట్టు రద్దు రిజిస్టరు చేయించకుండా వదిలేసిన ఇళ్లు బోలెడు.

లెక్క: మూడో వంతు ఎప్పుడు సమానం కాదు

ఒక ఇల్లు తీసుకుందాం. రాజమండ్రిలో తూర్పు ముఖం స్థలం, వెడల్పు 30 అడుగులు, లోతు 72 అడుగులు, మొత్తం 240 గజాలు. 1988లో తండ్రి జీతం డబ్బుతో కొన్నది. కింది ఇల్లు 1994లో, పై అంతస్తు 2016లో కట్టారు. పై అంతస్తుకు చిన్నబ్బాయి 12 లక్షలు పెట్టాడు, అమ్మానాన్నలతో అదే ఇంట్లో ఉంటున్నాడు. పెద్దబ్బాయి పూణేలో స్థిరపడ్డాడు. 2012లో అతను ఫ్లాట్ కొనుక్కుంటే తండ్రి 9 లక్షలు ఇచ్చాడు. అమ్మాయి కాకినాడలో ఉంది.

దీన్ని నేల మీద మూడు ముక్కలు చేయడం కుదరదు. 30 అడుగుల వెడల్పును మూడుతో భాగిస్తే పదేసి అడుగుల పట్టీలు వస్తాయి. గోడలు పోగా మంచం, బీరువా పట్టే గది కూడా రాదు. అందరికీ కలిపి అవిభక్తంగా మూడో వంతు రాస్తే అది పంపకం కాదు, గొడవని వాయిదా వేయడం.

గజం 35 వేలు అనుకుంటే స్థలం 84 లక్షలు. కింది కట్టడం పాతది, 8 లక్షలు. పైది 16 లక్షలు. మొత్తం 1 కోటీ 8 లక్షలు. మూడో వంతు అంటే తలా 36 లక్షలు. ఇప్పుడు ముందిచ్చినదీ ముందు పెట్టినదీ కలిపి చూడండి. పెద్దబ్బాయికి తండ్రి నుంచి అందింది 9, 36 కలిపి 45 లక్షలు. అమ్మాయికి 36. చిన్నబ్బాయికి 36 వచ్చినా అందులో 12 అతని సొంత డబ్బే, కాబట్టి నికరంగా 24. సమానం అనుకున్నది 45, 36, 24 అయింది.

సరిచేసే లెక్క ఇలా ఉంటుంది. మొత్తంలోంచి చిన్నబ్బాయి 12 లక్షలు తీసేయండి, 96 మిగులుతుంది. పెద్దబ్బాయికి ముందే ఇచ్చిన 9 కలపండి, 105 అవుతుంది. మూడుతో భాగిస్తే 35. పెద్దబ్బాయికి ఇంటిలోంచి రావాల్సింది 26, అమ్మాయికి 35, చిన్నబ్బాయికి తన 12 కలుపుకుని 47. మూడూ కూడితే మళ్లీ 108.

ఇక అంతస్తులు. పై అంతస్తు, స్థలంలో సగం కలిపి 58 లక్షలు చిన్నబ్బాయికి. అతనికి రావాల్సింది 47 కాబట్టి 11 లక్షలు ఎక్కువ. కింది అంతస్తు, మిగతా సగం స్థలం 50 లక్షలు అమ్మాయికి. ఆమెకు రావాల్సింది 35, ఎక్కువ 15. ఈ 11, ఆ 15 కలిపితే 26. అదే పెద్దబ్బాయి వాటా. అతనికి డబ్బు రూపంలో చేరుతుంది.

వీలునామాలో మాత్రం ఈ రూపాయలు రాయించకండి. పదేళ్ల తర్వాత గజం 35 వేలు ఉండదు. శాతాలు రాయించండి: 24, 32.5, 43.5. అప్పటి ధర రిజిస్టర్డ్ వాల్యుయర్ కట్టాలని, ఎక్కువ అందుకున్నవాళ్లు తేడా సొమ్ము ఫలానా గడువులోగా ఇవ్వాలని, ఇచ్చేదాకా అది వాళ్ల అంతస్తు మీద భారంగా ఉండాలని, గడువు దాటితే ఏం చేయాలో కూడా రాయించండి. గడువు లేని బాకీని ఎవరూ తీర్చరు. రూపాయల లెక్కకు చోటు ఉత్తరంలోనే.

అమ్మ సంగతి

పై ఉదాహరణలో కింది అంతస్తులో తల్లి ఉంటుంది. "ఆమె బతికున్నంత కాలం అందులో ఉండవచ్చు, అద్దెకిచ్చుకోవచ్చు, అమ్మే, తాకట్టు పెట్టే, వీలునామా రాసే హక్కు లేదు, తర్వాత కూతురికి" అని రాయించడం మామూలే. ఇందులో ఒక గుంట ఉంది. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్‌లో రెండు భాగాలున్నాయి. వీలునామా ద్వారా కొత్తగా ఇచ్చిన పరిమిత హక్కు పరిమితంగానే ఉంటుందని రెండో భాగం. కానీ భార్యకు ముందే ఉన్న మనోవర్తి హక్కుకు బదులుగా ఇచ్చిన ఆస్తి, కాగితంలో ఎన్ని షరతులున్నా, ఆమె సంపూర్ణ ఆస్తి అయిపోతుంది. ఇది తేల్చిన 1977 నాటి తులసమ్మ కేసు ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లినదే.

ఉత్తరంలో "మీ అమ్మ పోషణ కోసం కింది ఇల్లు ఆమెకు ఉంచాను" అని మీరు మామూలుగా రాసిన మాట రేపు ఈ వాదనకు ఆధారం కావచ్చు. అప్పుడు అమ్మాయి వాటా గాల్లో వేలాడుతుంది. అమ్మ ఖర్చులకు వేరే డబ్బు, పింఛను ఉంటే అవి విడిగా చెప్పండి. ఇంటి విషయంలో "అమ్మ ఉన్నంతకాలం అక్కడే ఉంటుంది" అన్నంతవరకే రాయండి. ఈ వాక్యం ఒక్కటీ మీ వకీలుకు చూపించి రాయడం మంచిది.

మెట్లు, బోరు, డాబా

అన్నదమ్ములు కోర్టుకెక్కేది కోటి రూపాయల దగ్గర తక్కువ, మోటారు దగ్గర ఎక్కువ. కాగితం పట్టుకుని ఇల్లంతా ఒకసారి తిరగండి. పై అంతస్తుకు వెళ్లే మెట్లు దక్షిణం వైపు నాలుగడుగుల సందులో ఉన్నాయా? ఆ సందు కింది వాళ్ల వాటాలో పడుతుందా? అయితే పై వాళ్లకు నడక దారి హక్కు వీలునామాలో ఉండాలి. లేకపోతే ఏదో ఒక రోజు అక్కడ గేటుకి తాళం పడుతుంది. బోరు ఒకటే అయితే మోటారు కరెంటు ఎవరి మీటరుకి ఉంది? సెప్టిక్ ట్యాంకు కింది వాళ్ల వంటింటి వెనక ఉంటే దాన్ని తోడించే ఖర్చు ఎవరిది? ముందు వరండాలో కారు ఎవరిది పెట్టాలి?

వీటన్నిటికన్నా పెద్దది డాబా పైభాగం. పై అంతస్తు ఇచ్చినవాడికి డాబా కూడా వచ్చిందా, దాని మీద ఇంకో అంతస్తు కట్టుకునే హక్కు వచ్చిందా అన్నది వీలునామాలో రాయకపోతే ఇద్దరూ తమదే అంటారు. ఈ ఉదాహరణలో స్థలం చెరి సగం ఇచ్చారు కాబట్టి డాబాని ఉమ్మడిగా ఉంచి, ఇద్దరూ ఒప్పుకుంటేనే పైన కట్టాలనడం న్యాయంగా ఉంటుంది. హక్కులు వీలునామాలో, కారణాలు ఉత్తరంలో. ఉత్తరంలో మాత్రమే ఉన్న హక్కును గట్టిగా అడగలేరు.

ఉత్తరం ఇలా ఉండొచ్చు

ముగ్గురికీ ఒకే ఉత్తరం రాయండి. విడివిడిగా రాస్తే, ఒకరి దాంట్లో లేని మాట ఇంకొకరి దాంట్లో దొరుకుతుంది. పైన చెప్పిన ఇంటికి నమూనా ఇది:

"చిరంజీవులు ముగ్గురికీ నాన్న ఆశీస్సులు.

ఇంటి విషయమై ఈ నెల 4వ తేదీన వీలునామా రాశాను. ఇది వీలునామా కాదు, అందులో అలా ఎందుకు రాశానో చెప్పే ఉత్తరం. రెండింటికీ ఎక్కడైనా తేడా కనిపిస్తే వీలునామాలో ఉన్నదే లెక్క.

ఇంటికి ఇప్పటి ధర 1 కోటీ 8 లక్షలు వేశాను. చిన్నోడు మేడ కట్టేటప్పుడు పెట్టిన 12 లక్షలు నా డబ్బు కాదు. బ్యాంకు కాగితాలు బీరువాలో నీలం ఫైల్లో ఉన్నాయి. అది పక్కన పెట్టాను. పెద్దోడా, నీ ఫ్లాటుకి 2012లో ఇచ్చిన 9 లక్షలు నీ వాటాలో ముందే అందినట్టు వేశాను. ఆ లెక్కన ముగ్గురికీ నా నుంచి తలా 35 లక్షలు.

చిన్నోడు ఇన్నేళ్లూ అద్దె లేకుండా ఉన్నాడు కదా అని మీకు అనిపించవచ్చు. నిజమే. అందుకే వాడి 12 లక్షలకు వడ్డీ వేయలేదు. పెద్దోడి 9 లక్షలకూ వేయలేదు.

తల్లీ, కింది ఇల్లు నీకు రాశాను. అమ్మ ఉన్నంతకాలం అక్కడే ఉంటుంది. తర్వాత నువ్వు అన్నయ్యకు ఇవ్వాల్సిన సొమ్ము ఇప్పటి ధరకు 15 లక్షలు, చిన్నోడు ఇవ్వాల్సింది 11. అప్పటి ధర మారుతుంది కాబట్టి వీలునామాలో శాతాలు పెట్టాను.

పెద్దోడా, నీకు ఇంట్లో గది లేకుండా చేశానని అనుకోవద్దు. నీ ఫ్లాటు పూణేలో ఉంది, ఇక్కడి గోడకి చెమ్మ పడితే నువ్వొచ్చి చూసుకోలేవు. అందుకే నీకు డబ్బు రూపంలో పెట్టాను.

డాబా ఇద్దరిదీ. మోటారు మీటరు వేరేగా పెట్టించాను, బిల్లు చెరి సగం. — నాన్న"

ఇందులో ఏ బిడ్డ గురించీ తీర్పు లేదని గమనించండి. "పెద్దోడు మమ్మల్ని చూడలేదు కాబట్టి తగ్గించాను" అని రాస్తే రెండు నష్టాలు. నెలనెలా పంపిన డబ్బు తాలూకు బ్యాంకు స్టేట్‌మెంటు అతను తెచ్చి చూపిస్తే మీ కారణం అబద్ధమవుతుంది. కారణం అబద్ధమైతే, మీకు తప్పుడు మాటలు ఎవరో ఎక్కించి రాయించారన్న అనుమానానికి దారి దొరుకుతుంది. సేవ చేసినవాడికి ఎక్కువ ఇవ్వాలనుంటే అది కూడా ఒక అంకెగా ఒప్పుకోండి: "మాతో ఉన్నందుకు చిన్నోడికి 5 లక్షలు ఎక్కువ వేశాను." అంకెతో పోట్లాడటం కష్టం, నిందతో తేలిక.

అమ్మాయి పెళ్లి ఖర్చు విషయంలో ఇంకా జాగ్రత్త. "నీకు కట్నంగా ఇంత ఇచ్చాం కాబట్టి" అని చాలామంది అలవాటుగా రాస్తారు. 1961 వరకట్న నిషేధ చట్టం కింద ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరాలే. మీ చేత్తో మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. అదీ కాక కొడుకుల పెళ్లి ఖర్చు, చదువు ఖర్చు లెక్క వేయకుండా ఆమెది ఒక్కటే వేయడం న్యాయం కాదు. పసుపు కుంకుమ కింద రిజిస్టరు చేసిచ్చిన పొలమో స్థలమో ఉంటే ఆ దస్తావేజు నంబరుతో, పెద్దబ్బాయి 9 లక్షల లాగే, లెక్కలో పెట్టండి. కాగితం లేనిది ఏదీ పెట్టకండి.

సంతకం, కాపీలు, చదివి వినిపించడం

ప్రతి పేజీ కింద సంతకం, తేదీ పెట్టండి. చివర "మొత్తం 3 పేజీలు" అని రాయండి. కొట్టివేతలుంటే ఆ పేజీ మళ్లీ రాయండి. ముగ్గురికీ ఒకేసారి ఇవ్వండి. వీలైతే మీరుండగానే వాళ్లను కూర్చోబెట్టి చదివి వినిపించండి, పూణే అబ్బాయి వీడియో కాల్‌లో ఉన్నా చాలు. లెక్కలో తప్పుంటే ఆ రోజే బయటపడుతుంది. "ఆ 9 లక్షల్లో నాలుగు నేను తిరిగిచ్చాను నాన్నా" అని పెద్దవాడు అనవచ్చు, అది నిజం కావచ్చు. అలాంటప్పుడు ఉత్తరంలో దిద్దితే సరిపోదు. వాటాలు మారతాయి కాబట్టి ముందు వీలునామా మార్చాలి, దానికి మళ్లీ ఇద్దరు సాక్షులు కావాలి. పాత వీలునామా మీద పెన్నుతో అంకె దిద్దితే, ఆ దిద్దుబాటుకు కూడా మీ సంతకం, సాక్షుల సంతకాలు లేకపోతే అది చెల్లదు.

వీలునామా సాక్షుల్లో కనీసం ఒకరు మీకన్నా బాగా చిన్నవాళ్లై ఉండాలి. మీ తర్వాత వీలునామా మీద కేసు పడితే, బతికి ఉన్న సాక్షి ఒకరైనా కోర్టులో చెప్పాలి. మీ ఈడు స్నేహితులిద్దరినీ పెడితే ఆ అవకాశం వాళ్లతోనే పోతుంది. వాటా పొందే పిల్లలనీ, వాళ్ల భర్తనో భార్యనో సాక్షులుగా పెట్టకండి.

అసలు వీలునామా ఎక్కడుందో ఉత్తరం అడుగున ఒక్క వాక్యంలో రాయండి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించి ఉంటే నంబరు, సంవత్సరం వేయండి. మున్సిపాలిటీలో ఇంటి పన్ను పేరు మార్పుకు పిల్లలు ముందు వెతికేది మరణ ధ్రువీకరణ పత్రాన్నీ ఈ నంబరునీ. అప్పటికి నీలం ఫైలు బీరువాలోనే ఉందో లేదో ఏడాదికోసారి చూసుకోండి.